ఒక్కసారే వేసుకున్నది

"ఒక్కసారే వేసుకున్నది. కొత్తదానిలాగే ఉంది."

ఈ రెండు వాక్యాలు రాసింది నేనే. మొదటిది అక్షరాలా నిజం. దాని మీదే ఒక తల్లి మోసపోయింది. ఇరవై ఏళ్లకు పైగా పత్రికల్లో వాక్యాలు దిద్ది బతుకుతున్నవాణ్ణి, నిజం చెబుతూనే ఎలా మోసం చెయ్యొచ్చో నా మేనకోడలి చిన్న వ్యాపారం దగ్గర నేర్చుకున్నాను. ఆ సంగతి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నా. మొన్న వచ్చిన ఒక పార్సిల్ చూశాక ఇక ఆగలేకపోయాను.

మా చెల్లెలి కూతుర్ని ఇంట్లో అందరం గుడియా అంటాం. 2023లో హైదరాబాద్‌లో బీకాం రెండో ఏడాది చదువుతోంది. కాలేజీలో తోటి పిల్లలు వాడిన బట్టలు ఇన్‌స్టాగ్రామ్‌లో కొనుక్కోవడం చూసి, "మామూ, మన ఇళ్లల్లో సందూకులు నిండా ఉన్నాయి కదా, నేనూ అమ్ముతా" అంది. నిజమే. మన ఇళ్లల్లో ప్రతి సందూక్‌లో ఒక పెళ్లి జోడా ఉంటుంది. నికాహ్ నాడో వలీమా నాడో ఒక్కసారి వేసుకుని, తెల్ల గుడ్డలో చుట్టి, మధ్యలో నాఫ్తలీన్ గోళీలు వేసి మూత పెడతాం. కూతురికి పనికొస్తుందని దాస్తాం. కూతురి పెళ్లినాటికి ఫ్యాషన్ మారిపోతుంది, కొత్తది కొంటాం.

గుడియా లెక్క సింపుల్. ఖాలాలు, ఫుప్పులు, పక్కింటి ఆపాలు ఇచ్చిన జోడాలు ఫోటోలు తీసి పెడుతుంది. అమ్ముడుపోతే వందకు డెబ్బై వాళ్లకు, ముప్పై తనకు. మొదటి మూడు నెలల్లో పదకొండు అమ్మింది. స్కూటీ పెట్రోల్, జిరాక్సులు, ఫోన్ రీఛార్జి ఇంట్లో అడగడం మానేసింది. అందరం షాబాష్ అన్నాం.

ఇబ్బంది ఒక్కటే. బట్ట గురించి రాయడం రాదు తనకు. ఇంగ్లిష్ మీడియం పిల్ల. 'ప్రీ-లవ్డ్', 'జెంట్లీ యూజ్డ్', 'మైనర్ ఫ్లాస్' అని పెట్టేది. గుంటూరు నుంచో కర్నూలు నుంచో ఎవరో ఒక ఖాలా ఫోన్ చేసి "అంటే ఏంటి బేటీ?" అని అడిగేది. అప్పుడు నా దగ్గరికి వచ్చింది. "మామూ, నువ్వు ఉర్దూలో చదివావు, తెలుగులో డిగ్రీ చేశావు. నాకు రాసిపెట్టు." నేను రాసిపెట్టాను. 'జెంట్లీ యూజ్డ్' అన్నదాన్ని 'ఎంతో జాగ్రత్తగా వాడినది' చేశాను. 'మైనర్ ఫ్లాస్' అన్నదాన్ని 'పట్టించుకోనక్కర్లేని చిన్న చిన్న తేడాలు' చేశాను. మాటలు నున్నగా వచ్చాయి. సరుకూ కదిలింది.

ఆ డిసెంబర్‌లో గుడియా పరీక్ష ఫీజు కట్టాల్సి వచ్చింది. మా బహనోయికి ఆ నెల జీతం ఆలస్యమైంది. చెల్లెలు ఏమీ అనకుండా లోపలికి వెళ్లి తన నికాహ్ జోడా తెచ్చి కూతురి ముందు పెట్టింది. 2003లో మా అబ్బా కుట్టించిన ఖడా దుపట్టా. కార్చోబ్ పని చేసిన కుర్తా, చుడీదార్, ఆరు గజాల టిష్యూ దుపట్టా. చుట్టూ నాలుగంగుళాల బరువైన అంచు. ఆ అంచు కోసం అబ్బా పాతబస్తీలో కార్ఖానా చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో నాకు గుర్తే.

ఫోటోలు తీసేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. దుపట్టా విప్పితే మడతల దగ్గర సన్నటి గీతలు కనిపించాయి. మిగతా గుడ్డ కంటే కాస్త పాలిపోయి ఉన్నాయి.

"మామూ, ఈ గీతలు రాయాలా?" అని అడిగింది గుడియా.

"మడత గీతలే కదా బేటా. ఇస్త్రీ చేస్తే పోతాయిలే" అన్నాను. పైన చెప్పిన రెండు వాక్యాలు ఫోన్‌లో టైప్ చేసి ఇచ్చాను.

ఆరు వేల ఐదొందలకు అమ్ముడుపోయింది. కొన్నది గుంటూరు వైపు ఉండే ఒక తల్లి. బ్లౌజులు కుట్టి ఇల్లు నడుపుతుంది. పెద్ద కూతురికి నికాహ్. కొత్త ఖడా దుపట్టా కొనే తాహతు లేదు, కానీ హైదరాబాద్ సంబంధం కాబట్టి వాళ్ల ముందు పిల్ల తక్కువగా కనిపించకూడదు. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ రోజు మాకు తెలిసింది డబ్బు ముట్టిందని, ఫీజు కట్టేశామని. అంతే.

పార్సిల్ అందిన పన్నెండో రోజు రాత్రి ఆమె నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. గుడియా ఫోన్ నా చేతికిచ్చి పక్కన కూచుంది. అరుపులూ తిట్లూ లేవు. అలసిపోయిన గొంతు.

"బేటీ, రేపు నికాహ్. ఇప్పుడే పిల్లకు దుపట్టా కట్టి చూస్తున్నాం. భుజం మీద పిన్ను పెట్టి కుచ్చెళ్లు లాగేసరికి మడత మీద పర్రున చిరిగింది. ఇంకో చోట పట్టుకుంటే అక్కడా చిరిగింది. నేను దర్జీపని చేసేదాన్ని, కుట్టుకుందామంటే సూది పెట్టిన చోటల్లా పోతోంది. మీరు ఒక్క మాట చెప్పి ఉంటే ముందే వెనక నెట్ గుడ్డ వేసి కుట్టుకునేదాన్ని కదమ్మా. నాకు పన్నెండు రోజుల టైముండింది."

ఆ చివరి మాట గుచ్చుకుంది. చిరిగినందుకు కాదు ఆమె బాధ. మేము చెప్పకపోవడం వల్ల ఆ పన్నెండు రోజులు పోయాయి. తెలిసి ఉంటే ఆమె తగ్గించి అడిగేది, లేదా వద్దనుకునేది, లేదా కొని బాగుచేసుకునేది. ఏది చెయ్యాలో ఆమె తేల్చుకోవలసింది. ఆ అవకాశం మేము లాక్కున్నాం.

ఆ రాత్రి ఆమె, ఇద్దరు ఆడపడుచులు కూర్చుని దుపట్టా వెనకంతా నెట్ వేసి టాకాలు వేశారట. పిల్లను ఎక్కువ కదలొద్దని చెప్పి కూర్చోబెట్టారట. నికాహ్ అయింది, అల్హందులిల్లాహ్. ఒక ఆడపిల్ల తన నికాహ్ రోజంతా భుజం కదిపితే ఏమవుతుందోనని భయపడుతూ కూర్చుంది. అది నా వాక్యం చేసిన పని.

మర్నాడు ఇంట్లో బహస్ నడిచింది. గుడియా పేజీలో 'వాపసు లేదు' అని ముందే రాసి ఉంది. మా బహనోయి అదే అన్నాడు. "చూసి కొనుక్కున్నారు. మనం అబద్ధం చెప్పలేదు. ఒక్కసారే వేసుకున్నది నిజమే కదా?" డబ్బు కూడా లేదు, ఫీజు కట్టేశాం.

మా అమ్మీ అప్పటిదాకా తస్బీహ్ తిప్పుతూ వింటోంది. చదువు పెద్దగా లేదు, ఖురాన్ చదవడం, ఉర్దూ చదవడం మాత్రమే వచ్చు. మనందరం చిన్నప్పుడు విన్న సంగతే గుర్తుచేసింది. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం బజారులో ధాన్యం కుప్పలో చెయ్యి పెడితే లోపల తడి తగిలింది. అమ్మేవాడు వానకు తడిసిందన్నాడు. మరి ఆ తడిసింది జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగారు.

"వాడు కూడా అబద్ధం చెప్పలేదు బేటా" అంది అమ్మీ. "పొడి గింజలు పైన పెట్టాడు, అంతే."

బహనోయి ఇంకేం మాట్లాడలేదు. మన ఫిఖ్‌లో దీనికి పేరే ఉంది, ఖియారె ఐబ్. కొన్న సరుకులో దాచిన ఐబ్ బయటపడితే వాపసు చేసే హక్కు కొన్నవాడిది. ఏ ఐబ్ ఉన్నా నాది పూచీ కాదని బోర్డు పెట్టుకున్నా, తెలిసి దాచిన పాపం ఆ బోర్డుతో పోదు. మాకు గీతలు కనిపించాయి. గుడియా అడిగింది కూడా. తెలియదనడానికి లేదు.

ఆరు వేల ఐదొందలు, ఆమె తిరిగి పంపడానికి పార్సిల్ ఖర్చు రెండొందల ఇరవై. మొత్తం ఆరు వేల ఏడొందల ఇరవై. సగం నేను పెట్టాను. గుడియా తర్వాత తిరిగి ఇస్తానంది. వద్దన్నాను. వాక్యం నాది, జుర్మానా కూడా నాదే. మిగతా సగం తను దాచుకున్నదాంట్లోంచి రెండు వాయిదాల్లో కట్టింది.

జోడా తిరిగొచ్చాక గుడియా దాన్ని మళ్లీ సందూక్‌లో పెట్టనివ్వలేదు. "ఎందుకు చిరిగిందో తెలియాలి మామూ" అంది. ఇద్దరం పాతబస్తీలో నాకు తెలిసిన ఒక ముసలి కారీగర్ దగ్గరికి వెళ్లాం. అడ్డా మీద గుడ్డ బిగించి జర్దోజీ పని చేసుకుంటున్నాడు. దుపట్టాను చేత్తో లాగకుండా, అరచేతుల మీద పరిచి కిటికీ వైపు ఎత్తాడు.

"ఇటు చూడు బేటీ."

చిరగని మడతల దగ్గర కూడా వెలుతురు సన్నటి గీతలా దూరి వస్తోంది. మిగతా గుడ్డలోంచి వెలుతురు సమంగా మసకగా కనిపిస్తుంటే, మడతల దగ్గర మాత్రం తెల్లటి దారం పోసినట్టుంది.

ఆయన చెప్పింది ఇది. టిష్యూలో ఒక వైపు పట్టు దారం నడుస్తుంది, అడ్డంగా సన్నటి జరీ నడుస్తుంది. పట్టు వంగి మళ్లీ లేస్తుంది. జరీ లోహం, ఒకసారి వంగితే ఆ వంపు అలాగే ఉండిపోతుంది. ఇరవై ఏళ్లు ఒకే మడతలో, పైన నాలుగంగుళాల కార్చోబ్ బరువుతో పడుంటే, ఆ వంపు దగ్గర పట్టు దారం రోజూ కొంచెం కొంచెం నలుగుతుంది. పైకి గీతలా కనిపిస్తుంది. లోపల దారం అప్పటికే తెగి ఉంటుంది. దాని మీద ఇస్త్రీ పెట్టడమంటే మరీ ఎండబెట్టి విరవడమే.

"వేసుకున్నందుకు పాడవలేదు ఇది. వేసుకోనందుకు పాడైంది. ఏడాదికి రెండుసార్లు తీసి మడతలు మార్చి ఉంటే బతికేది" అన్నాడు.

'ఒక్కసారే వేసుకున్నది' అని నేను గొప్పగా రాసిన మాటే దాని జబ్బన్నమాట.

"రఫూ చెయ్యలేమా చాచా?" అడిగింది గుడియా.

"రఫూ చిరుగుకి చేస్తారు బేటీ. చుట్టూ గట్టి గుడ్డ ఉంటే దాని దారం పట్టుకుని మధ్యలో అల్లుతారు. ఇక్కడ పట్టుకోవడానికి గుడ్డ ఏదీ?" అని అంచు మీద వేలు పెట్టి గట్టిగా నొక్కాడు. "కానీ ఈ పని చూడు. కింద వేరే గుడ్డ వేసి చేశారు. ఒక్క టాకా ఊడలేదు. గుడ్డ పోయింది. పని బతికే ఉంది."

ఆ రోజు ఇంటికొచ్చి గుడియా జోడా మొత్తాన్ని మళ్లీ చూసింది, ఈసారి కొనేవాళ్ల కళ్లతో. మధ్యాహ్నం కిటికీ పక్కన తెల్ల దుప్పటి పరిచింది. ట్యూబులైటు కింద ఫోటో తీస్తే పసుపు మరకలు బట్ట రంగులో కలిసిపోతాయని అప్పటికి తెలుసుకుంది. కుర్తాను తిరగేసింది. కుట్లు, చంకలు, మెడ లోపలి అంచు అన్నీ లోపలి వైపు నుంచే నిజం చెబుతాయి. ఎడమ చంకలో అరచేతి మేర చెమట మరక దొరికింది. వెనక కింది భాగంలో రూపాయి బిళ్ళంత గోధుమరంగు మచ్చ.

మా చెల్లెలు అది చూసి ఆశ్చర్యపోయింది. "నా పెళ్లిలో ఇది లేదే!" లేకపోవచ్చు. షర్బత్ చుక్క పడితే ఆ రోజు నీళ్లలా ఆరిపోతుంది, ఏమీ కనపడదు. అందులోని చక్కెర గుడ్డలోనే ఉండిపోయి ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. ఉతకకుండా దాచిన పెళ్లి బట్టల్లో ఇవి తరచుగా కనిపిస్తాయి.

తెల్ల నూలు గుడ్డ తీసుకుని జరీ మీద మెల్లగా రుద్దింది. కుర్తా మెడ దగ్గర గుడ్డకు నలుపు అంటింది. అక్కడ అత్తర్ పూసిన చోటు. అంచు దగ్గర అంటలేదు. ఛాతీ మీద ముత్యాలు లెక్కపెడితే ఏడు లేవు. పక్క కుట్ల లోపల ఒక్కో వైపు అంగుళం గుడ్డ మిగిలి ఉంది. ఇది ఐబ్ కాదు, కానీ కొనేవాళ్లకు ఐబ్‌ల కంటే ఎక్కువ పనికొచ్చే కబురు. కాస్త లావైన పిల్లకైనా వదులు చేసుకోవచ్చు. చివరికి ముక్కు పెట్టి వాసన చూసింది. ఫోటోలో రానిది అదొక్కటే. నాఫ్తలీన్ వాసన ఘాటుగా ఉంది, బూజు వాసన లేదు. నీడలో నాలుగైదు రోజులు గాలికి ఆరేస్తే మొదటిది తగ్గుతుంది. రెండోది అంత తేలిగ్గా పోదు. అందుకని రెండూ విడివిడిగా చెప్పాలి.

ఇక రాయడం. ఈసారి నన్ను రాయనివ్వలేదు, దిద్దమంది. మొదటి ముసాయిదాలో అందమంతా పైన పెట్టి, 'దుపట్టా కాస్త బలహీనం' అని చివర్లో రాసింది. ఫోటోల్లో కూడా చిరుగు పదో ఫోటో. నాకు నవ్వొచ్చింది. మా పత్రికల్లోనూ అంతే. తప్పు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేస్తాం, సవరణ లోపలి పేజీలో మూలన ఒక చిన్న పెట్టెలో వేస్తాం. పొడి గింజలు పైన, తడి గింజలు కింద.

రెండో ముసాయిదా ఇంకో చివరికి పోయింది. భయపడిపోయి దొరికిన ప్రతి ఐబ్‌నూ వరసపెట్టింది. లోపల వేలాడే దారం, హుక్కుకి తుప్పు, చుడీదార్ నాడా పాతది, అలా పందొమ్మిది. దుపట్టా చిరుగు అందులో పన్నెండోది. చదివితే ఏది అసలు సంగతో తెలియదు. చిన్నవాటి మధ్య పెద్దదాన్ని పెట్టడం కూడా దాచడమే, తను అలా అనుకోకపోయినా.

అప్పుడు ఇద్దరం కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి ఐబ్ గురించి నాలుగు సంగతులు చెప్పాలి. ఎక్కడుంది. ఎంతుంది, సెంటీమీటర్లలోనో రూపాయి బిళ్ళ పక్కన పెట్టో చూపించాలి. వేసుకుంటే పైకి కనిపిస్తుందా. ఇక ముందు పెరుగుతుందా, అలాగే ఉంటుందా, బాగుచేసుకోవచ్చా. గుంటూరు తల్లికి మేము చెప్పనిది ఆ నాలుగోదే. చంకలో మరక రేపూ అంతే ఉంటుంది. మడత గీత రేపు చిరుగవుతుంది. ఫోటోలో చూస్తే మాత్రం మరకే పెద్దదిగా, గీతే చిన్నదిగా కనిపిస్తుంది. ఫోటో పెట్టాం కదా అని చేతులు దులుపుకోవడానికి వీల్లేనిది అందుకే. 'చిన్న', 'కాస్త', 'పెద్దగా కనపడదు' లాంటి మాటలన్నీ కొట్టేశాం. చిన్నదో పెద్దదో తేల్చేది కొనేవాళ్లు.

చివరికి గుడియా పెట్టింది ఇది:

"ఖడా దుపట్టా జోడా. 2003లో కుట్టించింది. ఒకసారి వేసుకుని ఇరవై ఏళ్లు మడతలో ఉంచారు. ఈ దుపట్టా వేసుకోవడానికి పనికిరాదు. టిష్యూ గుడ్డ మడతల దగ్గర రెండు చోట్ల చిరిగింది, 28 సెంటీమీటర్లు, 11 సెంటీమీటర్లు. మిగతా మడతలు కూడా చిరుగుతాయి, రఫూ నిలవదు. మొదటి రెండు ఫోటోలు అవే. దుపట్టా అంచు పని నాలుగంగుళాల వెడల్పు, గట్టిగా ఉంది, విప్పి వేరే గుడ్డకు వేసుకోవచ్చు. కుర్తా వేసుకోవచ్చు. ఎడమ చంక లోపల అరచేతి మేర చెమట మరక, చెయ్యి దించితే కనపడదు. వెనక కింద రూపాయి బిళ్ళంత షర్బత్ మచ్చ, కనపడుతుంది, పోతుందని చెప్పలేను. మెడ దగ్గర జరీ నల్లబడింది. ఛాతీ మీద ఏడు ముత్యాలు లేవు. పక్కల ఒక్కో అంగుళం వదులు చేసుకోవచ్చు. చుడీదార్‌లో ఐబ్ కనపడలేదు. నాఫ్తలీన్ వాసన ఉంది, బూజు వాసన లేదు. ఇక్కడ రాయని ఐబ్ ఏదైనా దొరికితే వారంలో వాపసు పంపండి, పార్సిల్ ఖర్చు నాది."

'ఐబ్ లేదు' అని రాసినదాన్ని 'ఐబ్ కనపడలేదు' అని మార్చింది తనే. చూసింది చెప్పగలం, చూడనిది చెప్పలేం. ఆ తేడా నేను దిద్దకముందే తనకు తెలిసింది.

మూడు వారాలు ఎవరూ అడగలేదు. ఇది కూడా చెప్పాలి. నిజం రాయగానే కొనేవాళ్లు క్యూ కట్టలేదు. నాలుగో వారం నిజామాబాద్ నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఆమె కూడా బట్టలు కుట్టే మనిషే. దుపట్టా గుడ్డ ఆమెకు అక్కర్లేదు, అంచు కావాలి. అలాంటి పని ఇప్పుడు కొత్తగా చేయించాలంటే ఎంతవుతుందో ఆమెకు తెలుసు. విప్పి కోడలి జోడాకు వేస్తుందట. మూడు వేల రెండొందలకు తీసుకుంది. ముందు వచ్చినదాంట్లో సగం కూడా కాదు. వాపసు ఇచ్చినదీ ఇదీ కలిపి చూస్తే మొత్తం మీద నష్టమే.

కానీ ఒకటి గమనించాను. 'కొత్తదానిలాగే ఉంది' అన్న మాట వేసుకునేవాళ్లను పిలిచింది, వాళ్లకు అది పనికిరాలేదు. 'వేసుకోవడానికి పనికిరాదు' అన్న మాట విప్పుకునేవాళ్లను పిలిచింది. వాళ్లకు కావలసింది అదే. ఐబ్ చెప్పడమంటే సరుకు విలువ తగ్గించుకోవడమనే అనుకున్నాను ఇన్నాళ్లూ. అది ఎవరి చేతికి చేరాలో చెప్పడం కూడా అని ఆ ఫోన్‌తో తెలిసింది.

గుడియా ఇప్పుడు డిగ్రీ పూర్తిచేసింది, అమ్మకం మానలేదు. తన నోట్‌బుక్‌లో ప్రతి బట్టకూ ఒక పేజీ. ధర రాసేముందు 'ఐబ్' అనే గడి నిండాలి. అది ఖాళీగా ఉంటే ఫోటో కూడా తియ్యదు. కొన్ని ఖాలాలు కోప్పడ్డారు. "మా జోడాకి వంకలు పెడుతున్నావా?" అని ఇద్దరు వెనక్కి తీసుకెళ్లిపోయారు. ఒక వంగపండు రంగు కుర్తా, అన్ని ఐబులూ రాసి పెట్టింది, ఇప్పటికీ తన బీరువాలోనే ఉంది. ఎవరూ కొనలేదు.

ఇక మొన్న వచ్చిన పార్సిల్ సంగతి. గుంటూరు వైపు నుంచి వచ్చింది. ఆ తల్లిదే. ఆమె కూతురి వలీమా సూట్, అమ్మిపెట్టమని పంపింది. మెరూన్ రంగు, శుభ్రంగా మడతపెట్టి, మడతల మధ్య పాత నూలు గుడ్డ చుట్టలు పెట్టి, వంపు పదునుగా పడకుండా పంపింది. కుర్తా భుజానికి గుండుసూదితో ఒక కాగితం గుచ్చి ఉంది. ఉర్దూలో, వంకర టింకర అక్షరాలతో రెండు లైన్లు. గుడియాకి ఉర్దూ చదవడం సరిగా రాదు కాబట్టి నా దగ్గరికి తెచ్చింది.

"కుడి చేతి అంచు దగ్గర మెహందీ మరక, చిటికెన వేలి గోరంత. లోపలి వైపు ఎడమ కుట్టు నేను రెండోసారి వేశాను, మళ్లీ విప్పితే సూది రంధ్రాలు కనపడతాయి."

చదివి వినిపించాను. గుడియా కాగితం తీసుకుని, సూట్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, తిరగేసి, ఆ రెండూ వెతికింది. దొరికాయి. ఇంకా ఏమైనా ఉన్నాయేమోనని మళ్లీ మొదటినుంచి చూడటం మొదలుపెట్టింది.